సూది రంధ్రంలోంచి చూస్తే తెలిసేది

నల్లటి ప్లాస్టిక్ కళ్లజోడు. గాజు ఉండదు, దాని బదులు జల్లెడలా చిల్లులు. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఎగ్జిబిషన్ స్టాళ్లలోనూ అప్పుడప్పుడు కనబడుతుంది. అమ్మే మనిషి ముందు మన అద్దాలు తీయిస్తాడు, ఎదుటి షాపు బోర్డు చదవమంటాడు. అంతా మసక. తర్వాత ఈ చిల్లుల జోడు మన ముక్కు మీద పెట్టి, “ఇప్పుడు సూడుండ్రి సారూ” అంటాడు. అక్షరాలు తేటపడతాయి. ఇందులో కనికట్టేమీ లేదు, నిజంగానే కనబడతాయి. చిక్కంతా ఆ వెంటనే చెప్పే మాటలో ఉంది: “మూడు నెల్లు రోజూ పావుగంట పెట్టుకుంటే సైటే పోతది.”

క్యారెట్లు, కంటి వ్యాయామాలు, కంటి మాత్రలు, ఈ చిల్లుల జోడు... నాలుగింటిలోనూ ఎంతో కొంత నిజం ఉంది. అందుకే వాటి మీద నమ్మకం అంత తేలిగ్గా పోదు. ఆ నిజం కంట్లో ఏ చోటికి సంబంధించిందో తెలుసుకుంటే మిగతాది దానంతట అదే విడిపోతుంది. అందుకు చిల్లుల జోడుతో మొదలుపెట్టడమే మేలు. వైద్యంగా అది పనికిరాదు గానీ, పరీక్షగా చాలా మంచిది. కంటి డాక్టర్లు రోజూ వాడేదే.

ఒక దీపం నుంచి వచ్చే కిరణాలు కంటిపాప వెడల్పంతా పరుచుకుని లోపలికి పోతాయి. ముందున్న నల్లగుడ్డు పొర, దాని వెనకున్న లెన్స్ కలిసి వాటిని వంచి, వెనక రెటీనా మీద ఒక్క చుక్కగా చేర్చాలి. అవి రెటీనాకు ముందే కలిసినా, వెనక కలిసేలా ఉన్నా అక్కడ చుక్కకు బదులు చిన్న బిళ్ల పడుతుంది. పక్కపక్క బిళ్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కడమే మసక. బిళ్ల ఎంత పెద్దదనేది రెండింటి మీద ఆధారపడుతుంది: పవర్ తేడా ఎంత, కిరణాలు లోపలికి వచ్చే దారి ఎంత వెడల్పు. 4 మిల్లీమీటర్ల పాప ముందు 1.2 మిల్లీమీటర్ల చిల్లు పెడితే బిళ్ల మూడో వంతు కంటే చిన్నదవుతుంది. పవర్ తేడా మాత్రం అలాగే ఉంది. చిల్లు తీసేసిన మరుక్షణం బిళ్ల మళ్లీ మొదటి సైజుకు వస్తుంది. మూడు నెలలు పెట్టుకున్నా, మూడేళ్లు పెట్టుకున్నా కంటి నిర్మాణంలో మారేది ఏమీ లేదు. సైటున్న పిల్లలు బోర్డు వైపు కళ్లు చికిలించి చూసేదీ ఈ లెక్కతోనే. రెప్పల సందే వాళ్లకు చిల్లు. చికిలించి చికిలించి సైటు పోగొట్టుకున్న పిల్లవాడు ఎక్కడా లేడు.

మరి చిల్లు ఇంకా చిన్నదైతే ఇంకా తేటగా కనబడాలి కదా? కనబడదు. బాగా సన్నటి చిల్లు అంచుల దగ్గర వెలుగు చెదిరి, అదే కొత్త మసకవుతుంది. ఆస్పత్రిలో పరీక్షకు వాడే చిల్లు దాదాపు 1.2 మిల్లీమీటర్లు ఉండేది ఇందుకే.

ఇదంతా ఒక మనిషి పనిలో పెట్టి చూద్దాం. పాత నల్గొండ జిల్లాలో పుట్టపాక, పోచంపల్లి వైపు ఇక్కత్ చీరలకు చిటికి కట్టే 48 ఏళ్ల ఆడమనిషిని ఊహించుకుందాం. చాచి కట్టిన నూలు మీద డిజైన్ గీత వెంబడి రబ్బరు పట్టీ చుట్టి ముడేయాలి. ఒక పోగు అటో ఇటో జరిగితే రంగు పక్కకు పాకుతుంది, చీర మీద పువ్వు అంచు వంకరపోతుంది. పని కంటికి అడుగు దూరంలో. అంత దగ్గరిది చూడాలంటే కంటి లెన్స్ తనంతట తాను 3 పవర్ల మేర ఉబ్బాలి. ఇరవై ఏళ్లప్పుడు అది లెక్కలోకే రాదు. 48కి వచ్చేసరికి లెన్స్ గట్టిపడి, మొత్తం బలమే సుమారు 3కి దిగుతుంది. ఉన్న బలమంతా గంటల తరబడి వాడటం ఎవరి వల్లా కాదు, అందులో సగమే హాయిగా వాడుకోగలం. అంటే 1.5 ఉంది, ఇంకో 1.5 కావాలి. ఈ లోటు పేరే చత్వారం. నలభై అనే మాటలోంచి పుట్టిన పేరు అది. ఎప్పుడు వస్తుందో పేరులోనే ఉంది.

ఇప్పుడు ఆమెకు చిల్లుల జోడు ఇచ్చి చూడండి. ఎండలో వాకిట్లో కూర్చున్నంతసేపు పోగులు తేటగానే కనబడతాయి. లోపల మగ్గం గదిలోకి వస్తే కథ మారుతుంది. 3 మిల్లీమీటర్ల పాప బదులు 1.2 మిల్లీమీటర్ల చిల్లులోంచి వచ్చే వెలుగు ఆరో వంతే. ఎరుపుకూ మెరూనుకూ తేడా తెలియదు. చూపు చిల్లు చిల్లుకూ ముక్కలై, తల కదిపినప్పుడల్లా నూలు జల్లెడ వెనక ఎగిరినట్టుంటుంది. ఇక ఆ జోడుతో సాయంత్రం పూట బండి నడిపితే పక్కనుంచి వచ్చే లారీ కనబడదు. అదే లోటును +1.50 దగ్గరి అద్దం పూడుస్తుంది. దానికి వెలుగు తగ్గదు, చూపు తెగదు.

ఇలాంటి అద్దం వల్ల పనిలో ఎంత తేడా వస్తుందో అస్సాం తేయాకు తోటల్లో లెక్కకట్టారు. 2018లో వెలువడిన ఆ పరీక్షలో నలభై దాటిన ఆకు కోసేవాళ్లు 751 మంది ఉన్నారు. చీటీ తీసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకు దగ్గరి అద్దాలు ముందే ఇచ్చారు. రెండో జట్టుకు పరీక్ష అయ్యాక ఇచ్చారు. అద్దాలు పెట్టుకున్నవాళ్లు రోజూ కోసే ఆకు, రెండో జట్టు కంటే సుమారు 22 శాతం ఎక్కువ పెరిగింది. ఆకు కోయడానికి చిటికి కట్టేంత సూక్ష్మమైన చూపు కూడా అక్కర్లేదు. అయినా అంత తేడా.

పిల్లల సంగతికి మహబూబ్‌నగర్ జిల్లాలోనే గట్టి లెక్క ఉంది. ఈ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లలు నాలుగు వేల మందికి పైగా కళ్లు పరీక్షించి, ఆ వివరాలు 2002లో ప్రచురించారు. మెరుగైన కంటితో కూడా 6/12 లేదా అంతకన్నా తక్కువ కనబడే పిల్లలు, అంటే మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్లకు వస్తే గానీ చదవలేనివాళ్లు, అద్దాలు లేకుండా చూస్తే 2.7 శాతం. అప్పటికి వాళ్ల దగ్గరున్న అద్దాలతో చూస్తే 2.6. సరైన అద్దం పెట్టి చూస్తే 0.78. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిదానికీ రెండోదానికీ తేడా లేదంటే అద్దం కావలసిన పిల్లల్లో దాదాపు ఎవరి ముఖానా అద్దం లేదని అర్థం. రెండోదానికీ మూడోదానికీ మధ్య ఉన్న దూరమంతా ఒక గాజు ముక్క తీర్చగలిగింది. ఏ ఆకుకూరా, ఏ మాత్రా, ఏ వ్యాయామమూ ఆ దూరాన్ని తగ్గించినట్టు రుజువు లేదు. పెద్దవాళ్ల లోటు కూడా తక్కువేం కాదు. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో ఊరూరా దగ్గరి అద్దాలు పంచింది ఈ లోటు పూడ్చడానికే.

వ్యాయామాల నమ్మకం మూలం న్యూయార్క్‌లో ఉంది. విలియం బేట్స్ అనే కంటి డాక్టరు 1920 ప్రాంతంలో ఒక వాదం తెచ్చాడు. కంటిగుడ్డును తిప్పే బయటి కండరాలు బిగిసి గుడ్డు ఆకారాన్ని మారుస్తాయని, వాటిని సడలిస్తే సైటు పోతుందని చెప్పాడు. అరచేతులు రుద్ది కళ్ల మీద పెట్టుకోవడం, కళ్లు గుండ్రంగా తిప్పడం, సూర్యుడి వైపు తిరగడం ఆ వరసలో వచ్చినవే. ఇప్పుడు యోగా పేరుతోనూ, ఫోన్ వీడియోలతోనూ మళ్లీ తిరుగుతున్నాయి. దూరపు చూపు తగ్గిన కన్ను చాలామందిలో మామూలు కంటే పొడుగ్గా పెరిగిన కన్ను. 1 మిల్లీమీటరు పొడుగు పెరిగితే సుమారు రెండున్నర, మూడు పవర్ల సైటు. పెరిగిన పొడుగును కళ్లు తిప్పి వెనక్కి లాగడమంటే, చెప్పులు సరిపోవడం లేదని పాదాన్ని పొట్టి చేయబోవడమే. చత్వారంలోనూ అంతే. గట్టిపడింది లెన్స్, దాన్ని నడిపే కండరం కాదు. కండరానికి ఎంత కసరత్తు చేయించినా గట్టిపడ్డ లెన్స్ మెత్తబడదు.

అయినా కొందరు “నాకు తేడా తెలిసింది” అంటారు. అబద్ధం చెప్పరు. రోజూ అదే చార్టు చూస్తే కింది వరస నోటికి వస్తుంది. మసక అక్షరాలను ఊహించి చదవడం మెదడుకు అలవాటవుతుంది. వ్యాయామం పేరుతో రెప్పలు ఎక్కువసార్లు కొట్టడం వల్ల ఎండిపోయిన కంటి మీద కన్నీటి పొర సమంగా పరుచుకుని కాసేపు తేటగా ఉంటుంది. ఫోన్ చూస్తూ రెప్ప వేయడం మరిచేవాళ్లకు ఈ ఆఖరిది నిజంగానే హాయి. కానీ అద్దం నంబరు కొలిస్తే అంతకుముందు ఎంతో ఇప్పుడూ అంతే ఉంటుంది.

వ్యాయామం పనిచేసే చోటు ఒకటుంది, అది వేరే జబ్బు. దగ్గరిది చదివేటప్పుడు రెండు కళ్లూ కలిసి లోపలికి తిరగాలి. కొందరు పిల్లలకు ఆ తిరగడం చాలదు. అక్షరాలు రెండుగా కనబడతాయి, చదివిన వరసే మళ్లీ చదువుతారు, తలనొప్పి వస్తుంది. అమెరికాలో 221 మంది ఇలాంటి పిల్లల మీద 12 వారాలు పరీక్ష చేసి 2008లో ఫలితం చెప్పారు. శిక్షణ పొందినవాళ్ల దగ్గర క్లినిక్‌లో వ్యాయామం చేసినవాళ్లలో 73 శాతం మంది బాగుపడ్డారు. ఇంట్లో పెన్సిలు ముక్కు దగ్గరికి తెచ్చుకుంటూ చేసినవాళ్లలో 43 శాతం. వ్యాయామంలా కనిపించే ఉత్తుత్తి పనులు చేసినవాళ్లలో 35 శాతం. వీడియో చూసి ఇంట్లో చేసే పెన్సిలు వ్యాయామం, ఉత్తుత్తి పని కంటే పెద్ద మెరుగేం కాదని ఈ అంకెలు చెబుతాయి. ఈ పిల్లల్లో కూడా మారింది కళ్ల కదలికే, సైటు కాదు.

అద్దాలు పెడితే సైటు పెరుగుతుందనే భయం మన దగ్గర వ్యాయామాల మోజుకు చెల్లెలు లాంటిది. పదేళ్ల అమ్మాయికి అద్దాలంటే పెళ్లి దాకా ఆలోచించే ఇళ్లు ఇంకా ఉన్నాయి, అందుకే తక్కువ నంబరు రాయమని డాక్టరును అడుగుతారు. పెరిగే వయసులో కన్ను పొడుగవుతుంది కాబట్టి నంబరు పెరుగుతుంది, అద్దం పెట్టినా పెట్టకపోయినా. నంబరు తక్కువ పెట్టి చూసిన పరీక్షల్లో సైటు పెరుగుదల ఆగలేదు. మలేషియాలో చేసిన ఒకదానిలో అయితే పూర్తి నంబరు పెట్టినవాళ్లకంటే తక్కువ నంబరు పెట్టినవాళ్లకే కాస్త ఎక్కువ పెరిగింది. పిల్లల్లో సైటు మొదలయ్యేది కొంతైనా తగ్గుతుందని రుజువైంది ఆరుబయట గడపడంతో. చైనాలోని గ్వాంగ్‌జౌ బడుల్లో రోజూ 40 నిమిషాలు అదనంగా పిల్లలను బయటికి వదిలారు. మూడేళ్ల తర్వాత కొత్తగా సైటు వచ్చినవాళ్లు మామూలు బడుల్లో 39.5 శాతం, ఈ బడుల్లో 30.4 శాతం. అంటే ఆగిపోలేదు, తగ్గింది.

ఇక క్యారెట్టు, మన పెద్దలు గాజరగడ్డ అనేది. రెండో ప్రపంచ యుద్ధంలో జాన్ కన్నింగ్‌హామ్ అనే బ్రిటిష్ పైలట్ చీకట్లో జర్మన్ విమానాలను కూల్చినప్పుడు, అతను క్యారెట్లు బాగా తింటాడని ప్రచారం చేశారు. నిజానికి అతని విమానంలో రాడార్ ఉంది. ఆ కథ ఇంకా నిలబడిందంటే కింద ఒక నిజమైన పునాది ఉండబట్టే. రెటీనాలో మసక వెలుగును పట్టే రంగు పదార్థం తయారీకి విటమిన్ ఏ కావాలి. అది కరువైతే మొదట పోయేది పొద్దుగూకాక చూపు. మసకబడితే పిల్లవాడు గోడలు తడుముకుంటూ నడుస్తాడు. తర్వాత తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలు వస్తాయి. అప్పటికీ పట్టించుకోకపోతే నల్లగుడ్డు మెత్తబడి పూర్తిగా పోతుంది. దేశంలో 1970 నుంచి పిల్లలకు విటమిన్ ఏ ద్రావణం పోస్తున్నది దీనికే. తొమ్మిదో నెలలో లక్ష యూనిట్లు, తర్వాత ఆరు నెలలకోసారి రెండేసి లక్షలు, అయిదేళ్లలోపు మొత్తం తొమ్మిది మోతాదులు.

కుండ ఖాళీగా ఉన్నప్పుడు నీళ్లు పోస్తే నిండుతుంది, నిండిన కుండలో పోస్తే పొర్లుతుంది. విటమిన్ ఏ చాలినంత ఉన్న మనిషి రోజూ పావుకిలో క్యారెట్లు తిన్నా చత్వారం ఒక్క మెట్టు దిగదు. ఎక్కువైతే అరచేతులు పసుపు పచ్చగా మారతాయి, అంతే. లోటున్న ఇంట్లోనైనా క్యారెట్టే కావాలని లేదు. మునగాకు, తోటకూర, పాలకూర, బొప్పాయి అదే పని చేస్తాయి, పెరట్లో మునగచెట్టున్న ఇంటికి అది ఖర్చు లేని మందు. ఆకుకూరకు తాలింపులో నూనె ఉండాలి, కొవ్వు తోడు లేకపోతే అందులోని పదార్థం ఒంటికి సరిగా పట్టదు. ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. రేచీకటి అనగానే అందరిదీ విటమిన్ లోటు కాదు. రెటీనాలోని కణాలు వంశపారంపర్యంగా ఎండిపోయే జబ్బులోనూ మొదట పోయేది రాత్రి చూపే. మేనరికాలు ఎక్కువున్న కుటుంబాల్లో అది ఎక్కువ కనబడుతుంది. ద్రావణం పోశాక, ఆకుకూరలు తిన్నాక కూడా పిల్లవాడు చీకట్లో తడబడుతుంటే, అన్నకో అక్కకో అలాగే ఉంటే, అది ఇంకెన్ని క్యారెట్లకూ లొంగదు.

చివరికి సీసాల సంగతి. మందుల షాపులో “కళ్లకు” అని అడిగితే ల్యూటిన్ రాసి ఉన్న డబ్బా చేతిలో పెడతారు. దాని వెనక ఉన్న రుజువు చిన్నది, కానీ నిజమైనది. 2001లో అమెరికా జాతీయ నేత్ర సంస్థ ఒక పెద్ద పరీక్ష ఫలితం ప్రకటించింది. వయసు మీద పడ్డాక రెటీనా నడిబొడ్డు క్షీణించే జబ్బు మధ్యదశలో ఉన్నవాళ్లకు, లేదా ఒక కంట్లో అప్పటికే ముదిరినవాళ్లకు, విటమిన్ సి, ఈ, బీటా కెరోటిన్, జింక్, రాగి కలిపిన పెద్ద మోతాదు మాత్ర ఇస్తే అయిదేళ్లలో ముదిరిపోయే ప్రమాదం పావు వంతు తగ్గింది. జబ్బు లేనివాళ్లకు అది రాకుండా ఆపలేదు, మొదటి దశలో ఉన్నవాళ్లకూ ఉపయోగం తేలలేదు. శుక్లాన్నీ ఆపలేదు. మాత్రలోని బీటా కెరోటిన్ క్యారెట్టులో ఉండేదే. పొగతాగేవాళ్లలో బీటా కెరోటిన్ మాత్ర ఊపిరితిత్తుల క్యాన్సర్ పెంచుతుందని 1994లోనే ఫిన్లాండ్ పరీక్షలో బయటపడింది. అందుకే 2013లో వచ్చిన రెండో పరీక్ష తర్వాత దాన్ని తీసేసి 10 మిల్లీగ్రాముల ల్యూటిన్, 2 మిల్లీగ్రాముల జియాజాంతిన్ పెట్టారు. ముప్పై ఏళ్లుగా బీడీ తాగే మనిషి కంటి మాత్ర కొంటే డబ్బా వెనక బీటా కెరోటిన్ ఉందేమో చూడటం అందుకే అవసరం.

ఇప్పుడు మళ్లీ సూది రంధ్రం దగ్గరికి. గట్టి అట్ట ముక్కకు లావు సూదితో ఒక్క చిల్లు పొడవండి. రెండు కళ్లతో ఒకేసారి చూడొద్దు, ఒకటి అరచేత్తో మూసి, పది అడుగుల దూరంలో గోడ మీద క్యాలెండరు అంకెలు ముందు ఉత్త కంటితో, తర్వాత చిల్లులోంచి చూడండి. వెలుతురు బాగా ఉండాలి. తేటపడితే ఆ కంటి లోటు ఎక్కువగా పవర్‌ది, అద్దంతో తీరేది. చిల్లులోంచి చూసినా మార్పు లేకపోతే, లేదా ఇంకా మసకైతే, శుక్లమో రెటీనా జబ్బో నరం జబ్బో అయ్యుండొచ్చు. ఇది ఖాయమైన తీర్పు కాదు. కొన్ని రకాల శుక్లాల్లో, నల్లగుడ్డు మీద మచ్చల్లో కూడా చిల్లు కొంచెం తేట చూపిస్తుంది. చిన్నపిల్లలు చిల్లు దగ్గర కన్ను నిలపలేరు. నీటికాసులు అనే జబ్బులో చూపు అంచులు తరిగిపోతున్నా నడిమధ్య అంకెలు చివరి దాకా తేటగానే కనబడతాయి.

పన్నెండేళ్లుగా షుగరున్న 58 ఏళ్ల రైతును తీసుకోండి. కుడి కంటితో క్యాలెండరు మసక, చిల్లులోంచి చూసినా అంతే మసక. ఇంట్లో కొడుకు ల్యూటిన్ డబ్బా తెచ్చి పెట్టాడు. అది పరీక్షకు నిలిచిన జబ్బు వేరు, ఈయనకు అనుమానించాల్సిన జబ్బు వేరు. షుగరు వల్ల రెటీనా రక్తనాళాలు కారి మధ్యలో వాపు వచ్చి ఉండొచ్చు, దానికి లేజరో కంట్లో ఇంజెక్షనో కావాలి. ఎడమ కన్ను బాగా కనబడుతోందని వదిలేయడానికీ లేదు, ఆ జబ్బు చాలా దూరం నొప్పి లేకుండా, చూపు తగ్గకుండానే నడుస్తుంది. ఆయన వెళ్లాల్సింది అద్దాల షాపుకు కాదు, చుక్కల మందు వేసి కంటిపాప పెద్దది చేసి రెటీనా చూసే చోటికి. ఆ చుక్కలు వేశాక కొన్ని గంటలు దగ్గరివి అలికినట్టుంటాయి, ఎండ కళ్లలో పొడుస్తుంది. బండి తోలుకుంటూ ఒక్కడే పోకుండా, తోడు ఒకరిని పట్టుకుని బస్సులో పోవాలి. వాడుతున్న షుగరు మందుల చీటీ వెంట ఉంచుకోవాలి.